84 రోజుల పనిని 70 రోజుల్లో ముగించడం: క్రాషింగ్ లెక్కను లీనియర్ ప్రోగ్రామ్‌గా ఎలా రాయాలి

శ్లాబులన్నీ పడ్డాయి, సెంట్రింగ్ విప్పేశారు. ఇక గోడల నుంచి పెయింటు దాకా మిగిలింది. బెంగళూరులో పీజీ బిల్డింగ్ కట్టించే ఓనరు సరిగ్గా ఈ దశలోనే అడుగుతాడు: "రెండు వారాలు ముందు ఇస్తే ఎంత ఎక్కువవుతుంది?" చాలామంది ఇంజనీర్లు అప్పటికప్పుడు ఒక అంకె చెప్పేస్తారు. తర్వాత ప్రతి మేస్త్రికీ "ఇంకో నలుగుర్ని దించు" అని ఫోన్ చేస్తారు. డబ్బు అన్ని పనులమీదా సమానంగా ఖర్చవుతుంది, రోజులు మాత్రం సమానంగా తగ్గవు.

ఎక్కువ డబ్బు పెట్టి పనిని మామూలు వ్యవధికన్నా ముందు ముగించడాన్ని క్రాషింగ్ అంటారు. ఏ పనిని ఎన్ని రోజులు కోస్తే మొత్తం అదనపు ఖర్చు అతి తక్కువవుతుందనేది అచ్చమైన లీనియర్ ప్రోగ్రామ్, అంటే కూడికలు, తీసివేతలతో రాసిన నియమాలకు లోబడి అతి తక్కువ ఖర్చయ్యే జవాబును వెతికే లెక్క. 1961లో కెల్లీ, ఫుల్కర్సన్ అనే గణితజ్ఞులు విడివిడిగా దీన్ని చేసే పద్ధతులు ప్రచురించారు. అప్పట్లో దానికి పెద్ద కంప్యూటర్ కావాలి, ఇప్పుడు లాప్‌టాప్‌లో క్షణం పట్టదు. కష్టమంతా ఈ లెక్క చేసే సాఫ్ట్‌వేర్‌కి, అంటే సాల్వర్‌కి, ఇచ్చే అంకెలు సంపాదించడంలోనూ, అది ఇచ్చిన జవాబును సైటు భాషలో చదవడంలోనూ ఉంది.

వైట్‌ఫీల్డ్ వైపు గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తుల పీజీ ఒకటి అనుకుని మొదటినుంచి చివరిదాకా లెక్క కడదాం. రేట్లన్నీ ఉదాహరణకు వేసుకున్నవే. మీ మేస్త్రి చెప్పిన రేట్లు పెట్టి ఇదే లెక్క మళ్ళీ చేసుకోండి.

పనుల పట్టిక వేయండి

పనులను మరీ చిన్న ముక్కలు చేయకండి. ఒక ముఠా మొదలుపెట్టి ముగించేది ఒక పని అనుకుంటే చాలు. మన పీజీకి ఆరు పనులు వచ్చాయి. రోజులన్నీ పనిదినాలు, వారానికి ఆరు.

| పని | దేని తర్వాత | మామూలు రోజులు | కనీస రోజులు | రోజు తగ్గిస్తే అదనం (రూ.) |
|---|---|---|---|---|
| గోడలు, `G` | మొదట్లోనే | 24 | 19 | 5,000 |
| తలుపు, కిటికీ ఫ్రేములు, `F` | మొదట్లోనే | 32 | 26 | 7,000 |
| గోడల్లో కరెంటు, నీళ్ళ పైపులు, `P` | గోడలు | 14 | 8 | 3,000 |
| బయటి ప్లాస్టరింగ్, `B` | గోడలు | 40 | 32 | 8,000 |
| లోపలి ప్లాస్టరింగ్, టైల్స్, `L` | పైపులు, ఫ్రేములు | 30 | 24 | 6,000 |
| పుట్టీ, పెయింటు, ఫిట్టింగులు, `M` | బయటి పని, లోపలి పని | 16 | 12 | 9,000 |

ఫ్రేములు వర్క్‌షాపులో తయారయ్యేవి కాబట్టి ఆర్డరు మొదటిరోజే ఇవ్వొచ్చు, గోడలతో పనిలేదు. కానీ ఫ్రేము బిగించకుండా లోపలి ప్లాస్టరింగ్ మొదలుపెడితే అంచులు మళ్ళీ కొట్టి పూయాల్సివస్తుంది. అందుకే అది లోపలి పనికి ముందు రావాలి.

పట్టికలో ఎక్కువ తప్పులు జరిగేది చివరి గడిలో. రోజుకు 5,000 అనే అంకె మేస్త్రి నోటినుంచి నేరుగా రాదు. అతన్ని రెండు ప్రశ్నలు అడగాలి: మామూలుగా ఎంతమందితో ఎన్ని రోజులు? బాగా తొందరపెడితే ఎంతమందితో ఎన్ని రోజులు? గోడల సంగతి చూడండి. మామూలుగా ముగ్గురు మేస్త్రీలు, ఐదుగురు కూలీలు, 24 రోజులు. అంటే 192 మనిషి-రోజులు. తొందరగా అయితే నలుగురు మేస్త్రీలు, ఏడుగురు కూలీలు, 19 రోజులు. అంటే 209. మనుషులు పెరిగితే ఒకరికొకరు అడ్డమవుతారు, బ్లాకులు పైకి అందించేవాళ్ళకోసం ఆగాల్సివస్తుంది. ఆ 17 మనిషి-రోజులు అలా పోయినవే. సగటు కూలి 900 వేసుకుంటే 15,300. కొత్తగా వచ్చిన ముగ్గురికి రాకపోకలు, బస కలిపి 4,700. ఇంకో సెట్టు పరంజా అద్దె 5,000. మొత్తం 25,000, తగ్గింది 5 రోజులు, కాబట్టి రోజుకు 5,000.

మనుషుల్ని పెంచితే కూలి మొత్తం రెట్టింపవుతుందని కొందరు లెక్క వేస్తారు. అది తప్పు. పని అంతే ఉంది కాబట్టి అసలు కూలిలో పెద్ద తేడా ఉండదు. వృథా అయ్యేదీ, ఓవర్‌టైమూ, కొత్తగా తెచ్చే సరంజామా మాత్రమే అదనం.

కనీస రోజులు రాసేటప్పుడు నీళ్ళు పట్టే రోజుల్ని కోయకండి. కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ అయితే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ప్లాస్టరింగ్‌కీ వారంపాటు తడపాల్సిందే. లోపలి పనికి 24 కన్నా తక్కువ రాయకపోవడానికి కారణం అదే: అందులో క్యూరింగ్ వారం, బాత్రూముల్లో నీళ్ళు నింపి లీకు చూసే రోజులు ఉన్నాయి. ఎంత డబ్బు పోసినా అవి తగ్గవు. అనుమానముంటే నిరీక్షణను వేరే పనిగా రాసి, దాని కోతకు పరిమితి సున్నా పెట్టండి.

దారులన్నీ కూడండి

మొదటినుంచి చివరిదాకా మన పనుల్లో మూడు దారులున్నాయి. గోడలు, పైపులు, లోపలి పని, పెయింటు: 24+14+30+16 = 84. గోడలు, బయటి పని, పెయింటు: 24+40+16 = 80. ఫ్రేములు, లోపలి పని, పెయింటు: 32+30+16 = 78. అన్నిటికన్నా పొడవైన 84 రోజులే ప్రాజెక్టు వ్యవధి. మొదటి దారిని కోస్తూపోతే నాలుగు రోజుల తర్వాత రెండోదీ, ఆరు రోజుల తర్వాత మూడోదీ అడ్డొస్తాయి.

రోడ్డు మీదినుంచి ఓనరుకు కనిపించేది బయటి పని. అందుకే అక్కడ మనుషుల్ని పెంచమని ఒత్తిడి ఎక్కువ. కానీ మొదట్లో దాన్ని రోజుకు 8,000 పెట్టి ఎంత కోసినా 84 మారదు.

ఇప్పుడు లీనియర్ ప్రోగ్రామ్

రెండు రకాల చలరాశులు కావాలి. ఒకటి, ఒక్కో పనిని ఎన్ని రోజులు కోస్తామో: `yG`, `yF`, `yP`, `yB`, `yL`, `yM`. రెండు, మలుపు ఏ రోజున వస్తుందో: `t1` గోడలు పూర్తైన రోజు, `t2` లోపలి ప్లాస్టరింగ్‌కు అన్నీ సిద్ధమైన రోజు, `t3` లోపలా బయటా అయిపోయి పెయింటు మొదలయ్యే రోజు, `t4` తాళాలిచ్చే రోజు.

ప్రతి పనికీ ఒక నియమం. ఆ పని తర్వాతి మలుపు, ముందు మలుపుకన్నా కనీసం "మామూలు రోజులు మైనస్ కోసిన రోజులు" అంత దూరంలో ఉండాలి. పైపులకు `t2 - t1 >= 14 - yP` అవుతుంది. సాల్వర్ ఫైలులో చలరాశులన్నీ ఎడమవైపు రావాలి కాబట్టి `yP`ని అటు జరపాలి. సమానం గుర్తు పెట్టకండి. ఒక మలుపుకు రెండు పనులు వచ్చి చేరినప్పుడు, ముందు ముగిసినది ఆగి ఉండటానికి చోటుండాలి. సమానం పెడితే సాల్వర్ అనవసరమైన పనులను కూడా కోస్తుంది, లేదా సాధ్యం కాదని చేతులెత్తేస్తుంది.

`crash.lp` అనే పేరుతో ఇలా దాచుకోండి:

```
Minimize
 cost: 5000 yG + 7000 yF + 3000 yP
     + 8000 yB + 6000 yL + 9000 yM
Subject To
 gG: t1 + yG >= 24
 gF: t2 + yF >= 32
 gP: t2 - t1 + yP >= 14
 gB: t3 - t1 + yB >= 40
 gL: t3 - t2 + yL >= 30
 gM: t4 - t3 + yM >= 16
 due: t4 <= 70
Bounds
 yG <= 5
 yF <= 6
 yP <= 6
 yB <= 8
 yL <= 6
 yM <= 4
End
```

ఉచితంగా దొరికే జీఎల్‌పీకే అనే సాల్వర్‌తో దీన్ని నడపొచ్చు:

```
glpsol --lp crash.lp -o out.txt
```

ఎక్సెల్‌లో చేయాలంటే సాల్వర్‌లో `Simplex LP` ఎంచుకోవాలి. డిఫాల్టుగా వచ్చే వేరే పద్ధతి వదిలేస్తే జవాబు వంకరగా రావొచ్చు. చలరాశులు సున్నాకన్నా తగ్గకూడదన్న టిక్కు కూడా పెట్టండి. లేకపోతే సాల్వర్ పనిని సాగదీసి డబ్బు మిగిల్చినట్టు చూపిస్తుంది.

జవాబు: మొత్తం అదనం 96,000. గోడలు 5 రోజులు, పైపులు 1, బయటి పని 1, లోపలి పని 4, పెయింటు 4 రోజులు కోత. ఫ్రేముల జోలికే పోలేదు. చేతితో సరిచూసుకోండి: 19+13+26+12 = 70, 19+39+12 = 70, 32+26+12 = 70. మూడు దారులూ సరిగ్గా 70కి వచ్చాయి. ఖర్చు 25,000 + 3,000 + 8,000 + 24,000 + 36,000 = 96,000.

కోతలన్నీ పూర్ణసంఖ్యలుగా రావడం అదృష్టం కాదు. ఇచ్చిన రోజులు పూర్ణసంఖ్యలైతే ఈ రకం నియమాలకు సింప్లెక్స్ పద్ధతి ఇచ్చే జవాబు కూడా పూర్ణసంఖ్యే. కానీ ప్రశ్నను తిరగేసి "నా దగ్గర 60,000 ఉంది, ఎన్ని రోజులకు దిగుతుంది?" అని ఖర్చును నియమంగా పెడితే ఆ గుణం పోతుంది. మన పీజీకి అప్పుడు 73.44 రోజులు వస్తుంది. దాన్ని 74గా తీసుకోండి, దానికి 55,000 చాలు.

చేతిలెక్క ఎక్కడ దారి తప్పుతుంది

సైటులో అలవాటైన పద్ధతి ఇది: పొడవైన దారిలో అన్నిటికన్నా చవకైన పనిని ఒకరోజు కోయి, మళ్ళీ చూడు, మళ్ళీ కోయి. మొదట్లో అది బాగానే నడుస్తుంది. పైపులు రోజుకు 3,000, నాలుగు రోజులు కోస్తే 80కి దిగుతాం, 12,000. ఇప్పుడు బయటి దారి కూడా కలిసింది. రెండిటికీ ఉమ్మడిగా ఉన్న గోడలను రెండు రోజులు కోస్తే 78, మొత్తం 22,000. ఇంతవరకు సాల్వర్ కూడా ఇదే చెబుతుంది.

78 దగ్గర మూడు దారులూ సమానమయ్యాయి. చేతిలెక్క ఇప్పుడు పెయింటువైపు చూస్తుంది. అది మూడు దారుల్లోనూ ఉంది, రోజుకు 9,000. నాలుగు రోజులూ కోస్తే 74, మొత్తం 58,000. తర్వాత గోడలు, ఫ్రేములు జంటగా కోయాలి, రోజుకు 12,000. మూడు రోజులకు 71, 94,000. ఇక గోడలు తగ్గవు. చివరి రోజుకు బయటి పని, లోపలి పని కలిపి 14,000. 70 రోజులు, 1,08,000. సాల్వర్ కన్నా 12,000 ఎక్కువ.

ఆ 12,000 ఎక్కడ జారిపోయింది? 78 దగ్గర సాల్వర్ ఒక చిత్రమైన పని చేస్తుంది. గోడలను ఒకరోజు కోసి, లోపలి పనిని ఒకరోజు కోసి, అంతకుముందు కోసిన పైపుల పనిని ఒకరోజు మళ్ళీ సాగనిస్తుంది. మొదటి దారిలో రెండు రోజులు తగ్గి ఒకటి పెరిగింది, అంటే ఒకరోజు తగ్గింది. బయటి దారిలో గోడలవల్ల ఒకరోజు తగ్గింది. ఫ్రేముల దారిలో లోపలి పనివల్ల ఒకరోజు తగ్గింది. ఖర్చు 5,000 + 6,000 − 3,000 = 8,000. పెయింటు 9,000 కన్నా ఇది చవక.

సైటులో దీనికి అర్థం తేలికే. గోడలు త్వరగా లేచి, తర్వాత ప్లాస్టరింగ్ కూడా వేగంగా సాగేటట్టయితే, మధ్యలో పైపులవాళ్ళు పరుగెత్తి చేయాల్సిన అవసరం లేదు. గాడి కొట్టడానికి తెచ్చిన రెండో కట్టర్ మిషను, ఇంకో జత మనుషులు అక్కర్లేదు.

అందుకే 78 రోజుల చవక ప్లానులో పైపులకు నాలుగు రోజుల కోత ఉంటే, 70 రోజుల చవక ప్లానులో ఒకే రోజు ఉంది. తక్కువ తొందర ప్లాను, ఎక్కువ తొందర ప్లానులో మొదటి భాగం కాదు. ఓనరు ఈ వారం ఆరు రోజులు తగ్గించమని, వచ్చే వారం ఇంకో ఎనిమిది తగ్గించమని అడిగితే, పైపుల ముఠాకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాదు. మనుషుల్ని మాట్లాడకముందే గడువు ఖాయం చేయించండి. ఒకేసారి లెక్క కట్టండి.

నిజంగా 70 కావాలా?

`out.txt` లో ప్రతి నియమం పక్కన `Marginal` అనే గడి ఉంటుంది. `due` వరుసలో -14000 కనిపిస్తుంది. గడువును ఒకరోజు వదిలితే 14,000 మిగులుతుందని దానర్థం. ఇది ఒక్క అంకె మాత్రమే. అసలు కథ తెలియాలంటే గడువును 84 నుంచి ఒక్కోరోజు దించుతూ మళ్ళీ మళ్ళీ నడపండి. మన పీజీకి ఇలా వస్తుంది:

| గడువు | మొత్తం అదనం (రూ.) | ఆ దశలో రోజు ఖరీదు (రూ.) |
|---|---|---|
| 84 | 0 | – |
| 80 | 12,000 | 3,000 |
| 78 | 22,000 | 5,000 |
| 75 | 46,000 | 8,000 |
| 71 | 82,000 | 9,000 |
| 68 | 1,24,000 | 14,000 |
| 63 | 2,14,000 | 18,000 |

సరిగ్గా 78, 75, 71 లాంటి మలుపు అంకెల దగ్గర `Marginal` ను నమ్మకండి. అక్కడ అటువైపు ఖరీదు ఒకటి, ఇటువైపు ఖరీదు ఇంకొకటి. సాల్వర్ వాటిలో ఏదో ఒకటి చూపిస్తుంది. 62 పెట్టి చూస్తే `HAS NO PRIMAL FEASIBLE SOLUTION` అని ముగిసే సందేశం ఇస్తుంది. 63 కన్నా దిగడానికి దారి లేదు. అన్ని పనులనూ చివరిదాకా కోస్తే 2,21,000 అయ్యేది. ఫ్రేముల్లో ఒక రోజు కోత అక్కర్లేదు కాబట్టి 63కి కూడా 2,14,000 సరిపోయింది.

ఇప్పుడు రోజు విలువ కట్టండి. సూపర్‌వైజరు, వాచ్‌మన్, పరంజా, మిక్సరు అద్దెలు, నీళ్ళ ట్యాంకర్లు నెలకు 1,04,000 అనుకుందాం. నెలకు 26 పనిదినాలు, కాబట్టి రోజుకు 4,000. పీజీ నుంచి ఖర్చులు పోను వచ్చే అద్దె నెలకు 1,43,000, రోజుకు 5,500. మొత్తం 9,500. పట్టికలో 9,500 కన్నా తక్కువ ఖరీదున్న రోజులన్నీ కొనుక్కోవచ్చు, అది 71 దగ్గర ఆగుతుంది. 71కి 13 రోజులు తగ్గి 1,23,500 కలిసొస్తుంది, ఖర్చు 82,000, మిగులు 41,500. 70కి మిగులు 37,000కు పడిపోతుంది. ఓనరుకు పూజ ముహూర్తమో, బ్యాంకు గడువో ఉంటే తప్ప 71 దగ్గర ఆగమనే చెప్పాలి.

అద్దె లెక్కలో ఓనర్లు కొంచెం ఆశపడతారు. తాళాలిచ్చిన రోజునే మంచాలన్నీ నిండవు. మొదటి నెల సగమే నిండుతుందనుకుంటే రోజు విలువ 9,500 నుంచి 6,750కి దిగుతుంది, అప్పుడు సరైన గడువు 78. ఈ ఒక్క అంచనా ప్లానును ఏడు రోజులు కదిలించింది. కాబట్టి అద్దె అంకెను ఓనరు చేతే రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ లెక్కకు తెలియనివి

మనుషులు ఎక్కడినుంచి వస్తారో దీనికి తెలియదు. 70వ రోజును కొనాలంటే బయటి పని, లోపలి పని రెండూ ఒకేసారి కోయాలి. రెండిటికీ కావాల్సింది ప్లాస్టరింగ్ మేస్త్రీలే, రెండూ ఒకే మేస్త్రి చేతిలో ఉంటే అతను లోపలివాళ్ళను బయటికి పంపి రెండుచోట్లా డబ్బు తీసుకుంటాడు. సాల్వర్ జవాబులో ఒకే ముఠాకు చెందిన రెండు పనులు ఒకే సమయంలో కోతకు వస్తే ఆగి చూడండి. ఆ రోజుల్లో మొత్తం ఎంతమంది ప్లాస్టరింగ్ మేస్త్రీలు కావాలో కూడండి. మేస్త్రి అంతమందిని తేగలనంటే సరే, లేదంటే 14,000 అనేది ఉత్త అంకె. ముఠా అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినదైతే సంక్రాంతికో ఉగాదికో వారం పదిరోజులు సైటు ఖాళీ అవుతుంది. ఆ రోజులను క్యాలెండర్‌లోనే తీసేయాలి, కోతలోంచి కాదు.

అన్ని రోజులూ ఒకే ఖరీదు అనుకోవడం రెండో లోపం. నిజానికి మొదటి నాలుగు రోజులు సులువు, తర్వాతివి ఖరీదు. బయటి పనికి మొదటి నాలుగు రోజులు 8,000, తర్వాతి నాలుగు 12,000 అయితే `yB` ను `yB1`, `yB2` గా విడగొట్టి ఒక్కోదానికి 4 పరిమితి పెట్టండి. చవకైనది ముందు నిండుతుంది కాబట్టి వేరే నియమం అక్కర్లేదు. తలకిందులైతే మాత్రం ఇది పనిచేయదు. రెండో ముఠా దిగడానికే 10,000 అడ్వాన్సు, ఆ తర్వాత రోజుకు 3,000 మాత్రమే అయితే, అడ్వాన్సు లేకుండానే 3,000 ధరకు దొరికే రోజులను వాడేసుకోవాలని సాల్వర్ చూస్తుంది. అప్పుడు అవునా కాదా అనే చలరాశి ఒకటి చేర్చాలి. ఖర్చు వరుసలో గోడల `5000 yG` ని `3000 yG + 10000 zG` గా మార్చి, `yG - 5 zG <= 0` అనే నియమం రాసి, ఫైలు చివర `End` కు ముందు `Binary` కింద `zG` పెట్టండి. అది లీనియర్ ప్రోగ్రామ్ కాదు కాబట్టి `Marginal` గడి ఇక రాదు. గడువు మార్చి మార్చి నడపడమే దారి.

రాత్రిపని కోతకు సులువైన దారిలా కనిపిస్తుంది. కట్టర్‌తో గాడి కొట్టే పనిని రాత్రికి పెట్టుకోకండి. శబ్ద నియమాల్లో రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా, ఇళ్ళ మధ్య సైటులో మొదటి రాత్రే ఫిర్యాదు వస్తుంది. పైపుల కనీస రోజులు 8 అన్నది పగటిపూట రెండో కట్టర్‌తో వేసిన లెక్కే.

పని మొదలయ్యాక

ప్రతి శనివారం బట్వాడా అయ్యాక లెక్కను మళ్ళీ నడపండి. అయిపోయిన వాటిని మార్చలేని అంకెలుగా పెట్టాలి. గోడలకు 25,000 ఖర్చు పెట్టినా, ఎం-సాండ్ లోడు ఆలస్యమై అవి 19కి బదులు 21వ రోజున ముగిశాయనుకోండి. ఫైలులో `gG` వరుస తీసేసి `t1 = 21` రాయండి, ఖర్చు వరుసలోంచి `yG` తీసేసి ఆ 25,000 విడిగా పెట్టుకోండి.

70కే పట్టుబడితే ఇప్పుడు బయటి పని 3 రోజులు, పైపులు 3, లోపలి పని 4, పెయింటు 4 కోయాలి. మొత్తం 1,18,000, మొదటి ప్లానుకన్నా 22,000 ఎక్కువ. 73కి ఒప్పుకుంటే బయటి పనిని కోయనక్కర్లేదు. పైపులు 3, లోపలి పని 1, పెయింటు 4, మొత్తం 76,000. రోజు విలువ 9,500 అయినప్పుడు 73 దగ్గర ఆగడమే చవక, ఎందుకంటే దాని కిందికి ఒక్కో రోజుకు 14,000 పెట్టాలి. పైపుల కోత రెండు సందర్భాల్లోనూ ఒకటి నుంచి మూడుకు పెరిగిందని గమనించండి. ముందు వద్దనుకున్న రెండో కట్టర్ ఇప్పుడు కావాలి. ఆ ఫోను 21వ రోజు సాయంత్రమే చేయాలి. పైపులవాళ్ళు పాత వేగంతో వారం లాగించాక మిగిలేది సగం పనే, అందులో మూడు రోజులు కోయడం దాదాపు అసాధ్యం.